‘గుంట’కి ఇంగ్లీషు

ఆవిడకి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, స్టూడియోలో అందరికీ ఆవిడ ముక్కలమ్మే. ఆ పేరు పెట్టింది స్వయానా కట్టుకున్న మొగుడు. పెళ్లాం చేసే పనేమిటని ఎవరో అడిగితే, “ఎవరో మాట్లాడిన మాటల్ని కూరగాయల్లా ముక్కలు కోసి, తెర అడుగున ఇంగ్లీషులో పేరుస్తుంది” అన్నాడట. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి స్టూడియో దాకా చేరింది. ఆవిడ మొదట మూతి ముడుచుకుంది. తర్వాత ఫోనెత్తి “ముక్కలమ్మని మాట్లాడుతున్నా” అని తనే అనడం మొదలుపెట్టింది.

అంతకు ముందు ఆవిడ డాక్టర్ల మాటలు టైపు చేసే ఆఫీసులో పనిచేసేది. నోట్లో బిస్కెట్టు పెట్టుకుని జబ్బుల పేర్లు గొణిగే డాక్టర్లని ఏళ్ల తరబడి వినీ వినీ చెవులు పదునెక్కాయి. ఆ ఆఫీసు మూతపడ్డాక డాక్యుమెంటరీలకి సబ్‌టైటిళ్లు రాయడం పట్టుకుంది. డాక్టరు మింగేసిన మాటని పట్టుకున్నదాన్ని, మామూలు మనిషి మాట పట్టుకోలేనా అనుకుంది. దిగాక గానీ లోతు తెలియలేదు. డాక్టర్లు మాట మింగినా వాక్యం పూర్తి చేసేవారు. మామూలు మనుషులు వాక్యాన్ని సగంలో వదిలేసి, మిగతాది చేత్తోనో కనుబొమతోనో చెప్పేసి, అర్థమైంది కదా అన్నట్టు చూస్తారు.

పైగా ఆ పనికి బోలెడు కట్టుబాట్లు. తెర మీద రెండు వరుసలకి మించకూడదు. ఒక్కో వరుసకి నలభై రెండు అక్షరాలు, ఖాళీలతో కలిపి. చూసేవాడు చదవడానికి తగినంత సేపు నిలబడాలి. మనిషి మాట ఆగాక అక్షరాలు వేలాడుతూ ఉండకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు, క్రియ ఒక ఎత్తు. తెలుగువాడు అసలు సంగతిని వాక్యం చివరిదాకా దాచుకుంటాడు. ఇంగ్లీషుకి అది ఎత్తుకోగానే కావాలి. తెలుగువాడు ఆ చివరికి రాకముందే ఆగిపోతే, ఇక ముక్కలమ్మ పాట్లు చూడాలి.

ఇంతకీ ఈ కథ గుంట గురించి.

ఒక రోజు స్టూడియో నుంచి డైరెక్టరు ఫోన్ చేశాడు. పాతికేళ్ల పిల్లవాడు, గడ్డం మాత్రం నలభై ఏళ్లది. ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్లలో ఒకప్పుడు పనిచేసినవాళ్ల మీద సినిమా తీశాడు. టిక్కెట్లు చింపినవాడు, జోకరు వేషం కట్టినవాడు, చెక్కలతో కట్టిన పెద్ద బావి గోడ మీద మోటార్‌సైకిల్ గిరగిరా తిప్పిన ఒకావిడ, ఆవిడ మొగుడైన మెకానిక్కు.

“అక్కా, ఆ ముసలావిడ భాగం చూడాలి మీరు. వాళ్ల వైపు మాట నాకు సగమే అందింది. కంప్యూటర్ చేత రాయించాం గానీ... మీరే వచ్చి చూడండి” అన్నాడు.

వెళ్లి చూసింది. కంప్యూటరు ఇంగ్లీషులో చేసిన నిర్వాకం తెర మీద వరసగా ఉంది. ‘నా గొయ్యి.’ ‘నా గొయ్యి పొద్దున్నే లేవదు.’ ‘నా గొయ్యి జారి పడిపోయింది.’ ముక్కలమ్మకి నవ్వాగలేదు.

“గొయ్యి ఏమిటి బాబూ?”

“గుంట అన్నారు కదా అక్కా, గుంటంటే గొయ్యే కదా. బావి గురించి చెప్తున్నారేమో అనుకున్నాం. కానీ బావి పొద్దున్నే లేవకపోవడం ఏంటో...”

“వాళ్ల వైపు గుంటంటే ఆడపిల్ల. మేము అద్దెకున్న ఇంట్లో పక్కవాటా ఆవిడ కూతుర్ని ‘ఓలి గుంటా’ అని పిలిచేది. పిలిచినప్పుడల్లా మా ఆయన ఎక్కడ కాలు పడుతుందోనని కింద చూసేవాడు.”

డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. గడ్డం వణికింది. “అంటే... కూతురు పడిపోయిందా అక్కా? బావిలో?”

ఇద్దరూ మళ్లీ మొదటినుంచి విన్నారు. ముందు ఆవిడ మొగుడు, ముసలాయన. సీటు విరిగిన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. “పిల్లలంటారా బాబూ... మాకు పిల్లలు...” అని, అరచేతిని గాల్లో ఒకసారి అటూ ఇటూ తిప్పి, “ఇదుగో, ఇలగ...” అని కిందకి చూశాడు. తర్వాత ముసలావిడ.

“మా గుంట... ఓలమ్మ, దాని గొడవ సెప్పాలంటే... పొద్దున్నే తన్నితే గాని లెగదు. సెవి మెలేస్తే సాలు, లగెత్తీది. నాను తప్ప ఇంకోలు ముట్టుకున్నారా, పేచీ! ఆ ఏడు వానలకి సెక్కలు నానిపోనాయి కదా... మా గుంట జారిపోనాది. అడుక్కి. ఇంక లెగనేదు. అందరూ లాభం నేదన్నారు. నానేటి సేస్తాను... ఒగ్గేసినాను.” ఆఖర్న మళ్లీ అంది. “అది నన్ను ఒక్కపాలి కూడా...”

అంతే. ఆ తర్వాత మాట లేదు. పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది.

డైరెక్టరు ఏడ్చాడు. ముక్కలమ్మ కూడా ఏడ్చింది. తెలుగు ముక్క రాని ఎడిటరు ఎందుకో తెలియకపోయినా, అందరూ ఏడుస్తున్నారు కదా అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అక్కా, నా సినిమాకి గుండెకాయ దొరికింది” అన్నాడు డైరెక్టరు. ఆ రోజే ఆ భాగాన్ని సినిమా చివరికి జరిపారు. అడ్డం వచ్చిన ప్రశ్నలన్నీ కోసేశారు. వెనక వయొలిన్ పెట్టారు. ముక్కలమ్మ గొయ్యి ఉన్న చోటల్లా ‘మై గర్ల్’ అని దిద్దింది. ‘అది’ అన్న చోటల్లా ‘షీ’ వేసింది. తెలుగులో ‘అది’ అంటే ఆడపిల్లా కావచ్చు, అలమారా కావచ్చు. ఇంగ్లీషుకి ఆ సందేహం పనికిరాదు, మనిషో వస్తువో ముందే తేల్చుకోవాలి. కూతురని తెలిశాక తేల్చుకోవడానికేముంది? తన చెవుల మీద తనకే ముచ్చటేసి, పోతూ పోతూ మిఠాయి కొనుక్కుని ఇంటికెళ్లింది.

నిర్మాతకి సినిమా చూపించినప్పుడు ముచ్చట తీరింది.

నిర్మాత వేరే భాష మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. స్టూడియోలో చిన్న గదిలో తెర ముందు కూర్చుని చూస్తోంది. వయొలిన్ మొదలైంది. ముసలావిడ ముఖం నిండుగా తెర మీద. కింద ఇంగ్లీషు: ‘మై గర్ల్. తన్నితే తప్ప పొద్దున లేచేది కాదు.’ నిర్మాత మెడ ముందుకి వచ్చింది. ‘చెవి మెలిపెడితే చాలు, పరుగు తీసేది.’ నిర్మాత చెయ్యి నోటికి పోయింది. ‘నేను కాక ఇంకెవరైనా తాకితే గొడవ చేసేది.’ ‘నా పిల్ల జారిపోయింది. ఇక లేవలేదు. నేనేం చెయ్యను? వదిలేశాను.’

లైట్లు వెయ్యమంది నిర్మాత. ముఖం పాలిపోయింది.

“ఈవిడ రోజూ కన్నకూతుర్ని కాళ్లతో తన్ని లేపింది” అంది ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా. “చెవులు మెలేసింది. చివరికి గోతిలో పడితే వదిలేసి వెళ్లిపోయింది. ఈవిడకి మనం వయొలిన్ పెట్టామా?”

అదే వాక్యాలని అంతవరకూ ముక్కలమ్మ ముక్క ముక్కగా చూసింది. ఒక్కో ముక్కా నలభై రెండు అక్షరాల్లో పట్టిందా, చదవడానికి సమయం సరిపోయిందా అని చూసుకుంది. అన్నీ ఒక వరుసలో, పరాయి మనిషి నోట వింటే గుండెల్లో రాయి పడింది.

నిర్మాత వెళ్లాక డైరెక్టరు ఆవిడ వైపు తిరిగాడు. “అక్కా, కొంచెం మెత్తగా రాద్దాం. తన్నితే అనకుండా... ‘మెల్లగా తట్టితే’ అందామా?”

“తన్నితే అని చెవులారా విన్నాం కదా బాబూ.”

“చెవి మెలేస్తే అన్నదాన్ని ‘చెవిలో ముద్దుగా పిలిస్తే’ అని...”

“అలా అయితే నేనెందుకు? నువ్వే ఒక తల్లిని కొత్తగా పుట్టించుకుని రాసుకో.”

“మరి ఇలా ఉంచితే ఆవిడ రాక్షసి అయిపోతుంది కదక్కా! మేం వాళ్లింట్లో టీ తాగొచ్చాం. చాలా మంచావిడ.”

అక్కడే ముక్కలమ్మకి మనసు మెలిపడింది. పిల్లవాడు పిచ్చివాడు గానీ ఆ మాట నిజం. మంచావిడే. ముఖం చూస్తే తెలుస్తోంది. పిల్లని తన్నిన సంగతి ఎవరైనా అంత మురిపెంగా చెబుతారా? ముఖం ఒకటి చెబుతోంది, అక్షరాలు ఇంకొకటి చెబుతున్నాయి. ముఖం తప్పయ్యే అవకాశం లేదు. కాబట్టి తప్పు తనది. ఎక్కడో మాత్రం అంతుపట్టలేదు.

ఆ ఆదివారం ఇంట్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెర చూస్తే తను రాసిన ఇంగ్లీషే కళ్లలో పడి, చెవులని కట్టేస్తోంది. అందుకని మూత సగం దించేసి, బొమ్మ లేకుండా మాట మాత్రమే పెట్టి, బీన్స్ తుంచుతూ వింది. మొగుడు పక్కగదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సినిమా సంగతి ఆయనకి ఆవగింజంత తెలియదు.

“పొద్దున్నే తన్నితే గాని లెగదు...” అంది ల్యాప్‌టాప్.

పక్కగదిలోంచి నవ్వు వినబడింది.

“నవ్వుతారేంటి?” అంది ఆవిడ కసిరినట్టు.

“ఎవరిదోగానీ, అచ్చం మన స్కూటర్ లాంటిదే ఉన్నట్టుంది!”

బీన్స్ చేతిలోనే ఉండిపోయాయి. “ఏమన్నారు?”

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి గుమ్మంలోకి వచ్చాడు. “ఆవిడెవరో తన బండి గోల చెప్తోంది కదా? తన్నితే గానీ లేవదు, చెవి మెలేస్తే లగెత్తుతుంది అని. కిక్కు కొట్టాలి, రేజ్ చెయ్యాలి. ఇంకోళ్లు ముట్టుకుంటే పేచీ కూడానా! మా డిపోలో ఒక బండి ఉండేది, నేను తప్ప ఎవరెక్కినా...”

ముక్కలమ్మ ఆయన్ని ఆ వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు. “అయ్యో, అయ్యో, అయ్యో!” అని నెత్తి మీద చేతులు పెట్టుకుంది. బీన్స్ నేల మీద చెల్లాచెదరయ్యాయి.

“ఏమైందే?”

“మోటార్‌సైకిల్‌కి వయొలిన్ పెట్టాం!”

మర్నాడు స్టూడియోకి వెళ్లీ వెళ్లగానే, కొయ్యని అసలు రికార్డింగ్ మొత్తం తియ్యమంది. ఎడిటరు వెతికి పెట్టాడు. అందులో డైరెక్టరు గొంతు స్పష్టంగా ఉంది. “అమ్మా, మీరు తిప్పిన ఆ బండి సంగతి చెప్పండి.” ముసలావిడ నోరు తెరవబోయింది. ఇంతలో కెమెరా బ్యాటరీ అయిపోయింది. చీకటి. తర్వాతి ముక్కలో కొత్త బ్యాటరీ వేశారు, ప్రశ్న మళ్లీ అడగలేదు. ఆవిడ “మా గుంట...” అంటూ మొదలుపెట్టింది. పాపం, అడిగినదానికే జవాబు చెప్పింది. ప్రశ్న ఒక ముక్కలో, జవాబు ఇంకో ముక్కలో ఉండిపోయాయి. తెలుగు రాని ఎడిటరు, కంప్యూటరు రాసిన గొయ్యిల కాగితం చూసుకుంటూ జవాబుని మాత్రం ఎత్తి చివర పెట్టాడు.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. “నేనే అడిగానక్కా. నేనే మర్చిపోయాను.”

“నేను మాత్రం? కూతురని తేల్చి, షీ అని ముద్రేసిందాన్ని నేనే కదా.”

“కానీ ఆయన... పిల్లలు అన్నాడు కదా? ‘మాకు పిల్లలు, ఇదుగో, ఇలగ’ అని.”

“అనలేదు. సగం అన్నాడు. ఆ సగం తర్వాత ‘ఉన్నారు’ ఉందో ‘లేరు’ ఉందో మనకి తెలియదు. మనం ‘ఉండేవారు’ అని తగిలించాం.”

“అయితే ఏం చేద్దాం?”

“ఏం చేద్దామేంటి? వెళ్లి అడుగుదాం. వాళ్లేమైనా చంద్రమండలంలో ఉన్నారా?”

ముసలి దంపతులు ఒక టైర్ల కొట్టు వెనక రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. గుమ్మం దాకా పాత టైర్లే, వాటి మధ్య నుంచి అడ్డంగా నడిచి వెళ్లాలి. ముసలావిడ కాస్త లావెక్కిన మనిషి, మణికట్లు మాత్రం ఇప్పటికీ ఇనుప కడ్డీల్లా ఉన్నాయి. కుర్చీలు తుడిచి వేసింది. ముసలాయన చొక్కా తొడుక్కుని వచ్చాడు, మళ్లీ కెమెరా వచ్చిందేమోనని.

ముక్కలమ్మ ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలింది. “అమ్మా, మీరు మా గుంట, మా గుంట అన్నారు కదా...”

“అన్నాను.”

“ఆ గుంట... ఎవరు?”

“ఎవలేటి? నా గుంట!” అని గోడ వైపు చెయ్యి చూపించింది. గోడ మీద ఫోటో. సన్నగా, నిప్పుకణికలా ఉన్న పడుచు ఒకామె, చెక్కల గోడ మీద అడ్డంగా, రెండు చేతులూ గాల్లోకి చాపి, ఎర్ర ట్యాంకున్న మోటార్‌సైకిల్ మీద. “అదే. బాగుంది కదా? సూడండి దాని కళ!”

డైరెక్టరు ఫోటోకి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు. వెనక్కి తిరగలేదు, తిరిగితే ముఖం చూపించాల్సి వస్తుందని.

ముక్కలమ్మ ముసలాయన వైపు తిరిగింది. “అయ్యా, మీకు పిల్లలు...?”

“పిల్లలా తల్లీ? మాకు పిల్లలు...” అని అరచెయ్యి గాల్లో అటూ ఇటూ తిప్పి, “ఇదుగో, ఇలగ...” అన్నాడు.

“ఆ... ఆ తర్వాత మాట చెప్పండి.”

“తరవాతేటి? సెయ్యి తిప్పినాను కదా!”

“చెయ్యి సరే. నోటితో.”

ముసలాయన ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఇంత చదువుకున్న మనిషికి చెయ్యి కూడా చదవడం రాదా అన్నట్టు. “నేరు తల్లీ. పిల్లల్నేరు. ఉంటే ఇలగ సెయ్యి తిప్పుతామా? ఇలగ సూపిస్తాం” అని, చెయ్యి నేల నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి నడుము దాకా మెట్లు మెట్లుగా ఎత్తి చూపించాడు.

“మీరేటి రాసినారు?” అంది ముసలావిడ, అనుమానంగా.

అబద్ధం చెప్పడం ముక్కలమ్మకి చేతకాదు. మొదటినుంచి చివరిదాకా చెప్పేసింది. కూతురని అనుకోవడం, తన్ని లేపడం, చెవి మెలెయ్యడం, గోతిలో వదిలేసి రావడం, నిర్మాత ముఖం పాలిపోవడం. మొదట ముసలావిడ నోరు వెళ్లబెట్టింది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఆ తర్వాత కుర్చీ కదిలింది. కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వి, “ఓలమ్మ, ఓలమ్మ” అని పొట్ట పట్టుకుంది. “తన్నిన తల్లినా నాను! కేసెట్టీనేదు కదా?”

ముసలాయనకి మాత్రం నవ్వు రాలేదు. “దానికే కూతురు పదవి ఇచ్చీసినారా?” అన్నాడు. “నా బతుకంతా దాని ఎనకే. ఇంట్లో ముందు దానికి ఆయిలు, తరవాత నాకు గంజి.”

నవ్వు సద్దుమణిగాక ముసలావిడ ఫోటో వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు తనంతట తనే చెప్పింది. ఆ ఏడు వానలకి చెక్కలు నానిపోయి ఒక పలక కుంగింది. బండి అడుక్కి జారింది. ఆమె పైనున్న కంచె తీగ పట్టుకుని వేలాడింది, జబ్బ ఎముక విరిగింది. ఎగ్జిబిషన్‌వాళ్లు ఇంక లాభం లేదని లారీలెక్కి వెళ్లిపోతుంటే, ఇంజను రెండుగా పగిలిన బండిని బురదలోనే వదిలి రావలసివచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చి చూసేసరికి ఆ చోట మైదానం తప్ప ఏమీ లేదు.

“మీరు చివర్లో ఒక మాట అన్నారమ్మా” అంది ముక్కలమ్మ మెల్లగా. “‘అది నన్ను ఒక్కపాలి కూడా...’ అని. ఒక్కసారి కూడా... ఏమిటి?”

పడెయ్యలేదా? మోసం చెయ్యలేదా? నొప్పించలేదా? ఇంగ్లీషులో ఒకదాన్ని ఎంచుకోవాలి. ముసలావిడ ఆలోచించింది. పెదాలు కదిపింది. “అదే” అంది.

“అదే అంటే...?”

“అదేనమ్మా” అని లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

తిరిగి వస్తుంటే డైరెక్టరు బస్టాపు దగ్గర బయటపడ్డాడు. “నా క్లైమాక్స్ పోయిందక్కా. చచ్చిపోయిన కూతురి చోట పగిలిపోయిన మోటార్‌సైకిల్ వచ్చింది.”

“నీకు బాధగా ఉందా?”

“సిగ్గుగా ఉంది. ఒక పిల్ల చచ్చిపోయినందుకు నేను సంతోషపడ్డాను కదా.”

ముక్కలమ్మకి ఆ పిల్లవాడి మీద గౌరవం కలిగింది.

ఆ వారమంతా ముగ్గురూ కూర్చుని భాగాన్ని మళ్లీ కట్టారు. వయొలిన్ తీసేశారు. కోసేసిన ప్రశ్నని వెనక్కి తెచ్చి అతికించారు, చూసేవాడికి బండి గురించి అని తెలియాలని. ఆ తర్వాత భారం ముక్కలమ్మ మీద పడింది. గుంటని ‘మోటార్‌సైకిల్’ అని రాసేస్తే తగాదా ఉండదు. కానీ ఆవిడ మోటార్‌సైకిల్ అనలేదు. గుంట అంది. మురిపెమంతా ఆ మాటలోనే ఉంది. అదృష్టం కొద్దీ ఇంగ్లీషువాళ్లు కూడా బండిని ‘షీ’ అంటారు. అందుకని ‘మై గర్ల్’ ఉంచింది, ‘షీ’ ఉంచింది, క్రియలు మాత్రం మార్చింది. ‘వేకప్’ తీసి ‘స్టార్ట్’ పెట్టింది: ‘షీ వుడ్‌న్ట్ స్టార్ట్ వితౌట్ ఎ కిక్’. ఒక్క మాట మార్పుతో రాక్షసి తల్లి మాయమైపోయి, బండి ప్రేమికురాలు ప్రత్యక్షమైంది. ముసలాయన మాటలో పిల్లలకి ‘ఉండేవారు’ తీసి, చెయ్యి తిప్పినప్పుడు ‘నన్’ అని ఒక్క మాట వేసింది. చెయ్యి అన్నది అదే కాబట్టి.

ఇంకో చిక్కు వచ్చింది. చదివేవాడి కన్ను మాట్లాడేవాడి నోటికంటే ముందుంటుంది. వాక్యం మొత్తం ఒకేసారి వేస్తే, ముసలావిడ ‘తన్నితే’ అనకముందే చదివినవాడు నవ్వేస్తాడు. ఆవిడ నోటి దగ్గరున్న ముద్ద లాక్కున్నట్టు ఉంటుంది. అందుకని వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, రెండోదాన్ని సరిగ్గా ఆవిడ నోరు విప్పే క్షణానికి జరిపింది.

అన్నిటికీ చివర ఆ సగం మాట. రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది. ఇంగ్లీషులో ‘షీ నెవర్’ అని మొదలెడితే, ఆ తర్వాత ఏదో ఒక క్రియ వచ్చి తీరాలన్నట్టు వెలితిగా ఉంది. ‘లెట్ మీ డౌన్’ అని పూర్తి చేద్దామంటే, ఆవిడ పూర్తి చెయ్యనిదాన్ని తను పూర్తి చెయ్యడానికి ఎవరు? అప్పుడు తట్టింది. ‘ఒక్కపాలి కూడా’ అన్నదాన్ని ముందుకి తెస్తే? ‘నాట్ వన్స్ డిడ్ షీ...’ అని రాసి ఆపింది. లేదు అన్న అర్థం ముందే వచ్చేసింది. ఏం లేదన్నది ఆవిడ దగ్గరే ఉండిపోయింది. మొగుడికి చదివి వినిపించింది. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా “మిగతాది చెప్పకు” అన్నాడు.

సినిమాని ఒక చిన్న హాల్లో వేశారు. సగం మందికి తెలుగు వచ్చు, సగం మందికి రాదు. మొదటి వరుసలో ముసలి దంపతులు, వెనక వరుసలో గుండె చేత్తో పట్టుకుని ముక్కలమ్మ. “తన్నితే గాని లెగదు” దగ్గర హాలంతా గొల్లుమంది. తెలుగువాళ్లూ రానివాళ్లూ ఒకే క్షణంలో. ముక్కలమ్మకి ప్రాణం లేచొచ్చింది. చివరి సగం మాట దగ్గర ఎవరూ దగ్గలేదు కూడా. నిర్మాత చీకట్లో కళ్లు తుడుచుకోవడం కనిపించింది. అంతా సవ్యంగా జరిగిందనుకుంటూ లేస్తుంటే, ముసలాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

“తల్లీ, అది మాటాడినప్పుడల్లా కింద అచ్చరాలు పడతన్నాయి.”

“అవునయ్యా.”

“పక్కనుంచి నాను కూడా మాటాడినాను. అప్పుడు పడనేదు. సూస్తన్నాను కదా.”

ముక్కలమ్మ తెల్లముఖం వేసింది. నిజమే. ముసలావిడ చెబుతున్నప్పుడు తెర బయటి నుంచి ఆయన ఒకటి రెండుసార్లు మధ్యలో దూరాడు. ఇద్దరి మాటా కలిసిపోతే రెండు వరుసల్లో పట్టదు, చదవడానికి సమయం చాలదు. అలాంటప్పుడు ముఖ్యమైన మనిషి మాట ఉంచి రెండోదాన్ని వదిలెయ్యడం పనిలో రివాజు. ఆ మాటే నసుగుతూ చెప్పింది. “చోటు లేదండీ...”

“అక్కడా సోటు నేదా?” అన్నాడు ముసలాయన.

ఆ మాట ఆవిడని ఇంటిదాకా వెంటాడింది. మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్లి ఫైలు తెరిపించింది. డైరెక్టరు “మళ్లీ ఏంటక్కా?” అని మూలిగాడు. ముసలాయన ఏమన్నాడో చెవి రిక్కించి నాలుగుసార్లు వింది. ‘నాను తప్ప ఇంకోలు ముట్టుకున్నారా, పేచీ’ అని ముసలావిడ అంటున్నప్పుడు పక్కనుంచి ఆయన గొంతు: “ఆయిలు మార్సింది నాను! గొలుసు బిగించింది నాను!” అని. ముసలావిడ మాటలోంచి మూడు ఇంగ్లీషు మాటలు తగ్గించి, ఇద్దరు మాట్లాడేటప్పుడు పెట్టే చిన్న గీత పెట్టి, రెండో వరుసలో ఆయన్ని కూర్చోబెట్టింది: ‘– ఐ చేంజ్డ్ ది ఆయిల్!’ గొలుసుకి మాత్రం చోటు దొరకలేదు.

రెండోసారి సినిమా వేసినప్పుడు అన్నిటికంటే పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది. అప్పటినుంచి ఆ సినిమా ఆ చుట్టుపక్కల ఎక్కడ వేసినా ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని హాజరు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అయినా సరిగ్గా ఆ చోటు రాగానే పక్కవాడి డొక్కలో మోచేత్తో పొడిచి, తెర అడుగున రెండో వరుసని వేలితో చూపిస్తాడు.

“అది నాను” అంటాడు.